90 రోజుల నోటీసు, 47 రోజుల్లో వదలమని మెయిల్: మేనేజర్ ఒక్క లైన్‌లో కొట్టిపారేశాడు

అర్ధరాత్రి_బ్యాచ్
జూన్ 2న పేపర్లు పెట్టాను. నోటీసు 90 రోజులు, అంటే పోర్టల్‌లో లాస్ట్ వర్కింగ్ డే ఆగస్టు 30 అని చూపిస్తోంది. కొత్త కంపెనీ వాళ్ళు జూలై 21 సోమవారం జాయిన్ అవ్వాలంటున్నారు. కాబట్టి నాకు జూలై 18 శుక్రవారం బయటపడాలి. నిన్న మేనేజర్‌కి మెయిల్ పెట్టాను. ఇంగ్లీషులో పెట్టాను, సారాంశం ఇది:

"కుటుంబ కారణాల వల్ల నన్ను వీలైనంత త్వరగా రిలీవ్ చేయగలరు. నా పనులన్నీ రెండు వారాల్లో టీమ్‌కి అప్పజెప్పేస్తాను. దయచేసి సహకరించగలరు."

అరగంటలో జవాబు వచ్చింది: "ప్రాజెక్ట్ అవసరాల దృష్ట్యా కుదరదు. నోటీసు పూర్తిగా సర్వ్ చేయండి." అంతే. ఇన్సూరెన్స్ క్లయింట్ ప్రాజెక్ట్, ఆఫీసు హైటెక్ సిటీలో. ఇంకో మెయిల్ పెట్టొచ్చా, పెడితే ఏం రాయాలి?

గోంగూర_గ్యాంగ్
కుటుంబ కారణాలు అంటే అందరికీ అర్థమైపోతుంది బ్రో. మా టీమ్‌లో ఒకడు నోటీసులో ఉండగా వాళ్ళ తాతయ్యని రెండోసారి చంపాడు.

మాదాపూర్_మెట్రో
నాదీ ఇదే కథ. 90 రోజులూ చేశాను, చివరి నెల అంతా క్యాంటీన్‌లోనే. వాళ్ళకి అవసరం ఉండదు, వదలరు.

లా_పాయింట్
అసలు నోటీసు పీరియడ్ అనేది చెల్లదు. ఏ కోర్టూ ఎవరి చేతా బలవంతంగా ఉద్యోగం చేయించలేదు. ల్యాప్‌టాప్ ఇచ్చేసి రసీదు తీసుకుని వెళ్ళిపో. ఏమీ పీకలేరు.

హెచ్చార్‌లో_పదేళ్ళు
@లా_పాయింట్ సగం నిజం. బలవంతంగా కూర్చోబెట్టి పని చేయించలేరు, అది కరెక్టే. కానీ నువ్వు సంతకం పెట్టిన లెటర్ ప్రకారం నోటీసు డబ్బులు అడగొచ్చు, ఫుల్ అండ్ ఫైనల్‌లోంచి కోసుకోవచ్చు, రిలీవింగ్ లెటర్ ఆపొచ్చు. పీఎఫ్‌లో ఎగ్జిట్ డేట్ వేయకపోతే రెండు నెలలు ఆగి మనమే వేసుకోవచ్చు గానీ, కొత్త కంపెనీ బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో "పరారీ" అని జవాబు వస్తే దానికి ఎవరూ మందు వేయలేరు.

@అర్ధరాత్రి_బ్యాచ్ ముందు అపాయింట్‌మెంట్ లెటర్‌లో నోటీసు పేరా మొత్తం చదివి ఇక్కడ పెట్టు. బేసిక్ అని ఉందా, గ్రాస్ అని ఉందా, "కంపెనీ ఇష్టం మేరకు" అని ఉందా అన్నది చూడాలి. మెయిల్ ఎలా రాయాలన్నది దాన్ని బట్టే.

బెజవాడ_లెక్చరర్
మాకు నోటీసు ఒక్క నెలే, కానీ జాయిన్ అయినప్పుడు ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుని బీరువాలో పెట్టుకున్నారు. ఒక ప్రైవేట్ జూనియర్ కాలేజీలే, పేరు ఎందుకు. అకడమిక్ ఇయర్ అయ్యేదాకా ఇవ్వనన్నారు. మీరు మెయిల్స్ గురించి బాధపడుతున్నారు, అదృష్టవంతులు.

అర్ధరాత్రి_బ్యాచ్
@హెచ్చార్‌లో_పదేళ్ళు అక్కా, చదివాను. "ఇరుపక్షాలూ 90 రోజుల నోటీసు గానీ, దానికి బదులు బేసిక్ జీతం గానీ ఇచ్చి ఉద్యోగం ముగించవచ్చు. ముందుగా విడుదల చేయడం కంపెనీ నిర్ణయానికి లోబడి ఉంటుంది." నా బేసిక్ 42,000. గ్రాస్ 1,05,000. మిగిలిన ఎర్న్‌డ్ లీవులు 14.

హెచ్చార్‌లో_పదేళ్ళు
బేసిక్ అని ఉండటం నీకు చాలా మంచిది. లెక్క చూడు. జూన్ 2 నుంచి జూలై 18 దాకా 47 రోజులు అవుతాయి, తక్కువపడేవి 43. బేసిక్ అయితే రోజుకి 1,400 చొప్పున 60,200. అదే గ్రాస్ అయి ఉంటే 1,50,500 కట్టాల్సి వచ్చేది. 14 లీవులు సర్దుబాటు చేస్తే 29 రోజులే మిగులుతాయి, 40,600. లీవుల సర్దుబాటు మాత్రం ప్రతిచోటా ఒప్పుకోరు, కొన్నిచోట్ల లీవులకి విడిగా డబ్బులిచ్చి నోటీసు విడిగా కోస్తారు. ఊహించుకోకు, అడుగు.

రెండో వాక్యం గమనించావా? డబ్బు కడతానన్నంత మాత్రాన వదలాలని లేదు. అంటే తాళం మీ మేనేజర్ దగ్గరే ఉంది.

పాతకాపు_98
ఇరవై ఏడేళ్ళుగా ఇదే పని, అందులో పదిహేనేళ్ళు నేనే వదిలేవాణ్ణి. మీ మేనేజర్ వైపు నుంచి ఒకసారి చదువు బాబూ నీ మెయిల్. "వీలైనంత త్వరగా" అన్నావు, తేదీ లేదు. "పనులన్నీ" అన్నావు, ఏ పనులో లేదు. "టీమ్‌కి" అన్నావు, ఎవరికో లేదు. అతను సరే అంటే ఏ రోజు నుంచి ఏ సీటు ఖాళీ అవుతుందో అతనికే తెలియదు. పైగా రెండు వారాల్లో అన్నీ అప్పజెప్తానంటే, ఇన్నాళ్ళూ నువ్వు చేసింది రెండు వారాల పనేనా అనుకోవాలి, లేదా అబద్ధం అనుకోవాలి. "కుదరదు" అనడం అతనికి తేలికైన జవాబు. నీ మెయిలే ఆ అవకాశం ఇచ్చింది.

నీ చేతిలో అసలు ఏమున్నాయో ఇక్కడ రాయి. చిన్నవి వదిలెయ్. నువ్వు లీవు పెడితే నీకు ఫోన్ వచ్చేవి ఏవి?

గోంగూర_గ్యాంగ్
"లీవు పెడితే ఫోన్ వచ్చేవి" అనేది కేటీ డాక్యుమెంట్‌కి సూపర్ హెడింగ్.

అర్ధరాత్రి_బ్యాచ్
@పాతకాపు_98 సార్, రాస్తున్నా. రాత్రి నడిచే బ్యాచ్ జాబులు మూడు, ఫెయిలైతే రాత్రి రెండు గంటలకి లేచేది నేనే. నెలాఖరు రీకన్సిలియేషన్ రన్, ఇది ఇంకెవరికీ రాదు. వారానికోసారి క్లయింట్ కాల్. సగంలో ఆగిన ఒక రిపోర్ట్ ఫీచర్. ఇంకా చిన్నా చితకా.

డబ్లిన్_దోసె
ఇక్కడ నాకు నెల రోజులే నోటీసు. 90 రోజులు అంటే మా ఐరిష్ లీడ్ నమ్మలేదు, జైలా అని అడిగాడు.

పాతకాపు_98
మీ మేనేజర్ భయం ఆ రెండో లైన్‌లో ఉంది, "ఇంకెవరికీ రాదు". నైట్ బ్యాచ్‌లు రోజూ నడుస్తాయి, పదిసార్లు చూస్తే ఎవరైనా నేర్చుకుంటారు. నెలాఖరు రన్ నెలకి ఒక్కసారే. నువ్వు జూలై 18న పోతే నీ సమక్షంలో జరిగేది జూన్ 30 రన్ ఒక్కటే. జూలై 31న నువ్వుండవు. అతను 90 రోజులు పట్టుకుని కూర్చుంది ఆ రెండో నెలాఖరు కోసమే అయి ఉంటుంది. నిన్ను అడిగితే "ప్రాజెక్ట్ అవసరాలు" అంటాడు తప్ప విడమరచి చెప్పడు, బహుశా తనకీ అంత స్పష్టంగా తెలియకపోవచ్చు.

కాబట్టి మెయిల్‌లో ఆ ఒక్క ముడి విప్పు చాలు. నేర్చుకునేవాళ్ళ చేత జూన్ నడి మధ్యలో మే నెల డేటాతో యూఏటీలో ఒకసారి రన్ చేయించు. జూన్ 30 అసలు రన్‌లో కీబోర్డు వాళ్ళ చేతిలో ఉండాలి, నువ్వు పక్కన నోరు మూసుకుని కూర్చోవాలి. జూన్ అంటే క్వార్టర్ క్లోజ్ కూడా, మామూలు నెల కంటే బరువు. అది వాళ్ళ చేత్తో అయిపోతే జూలై 31 దానికంటే తేలిక. ఈ వాదన మేనేజర్ పై వాళ్ళకి చెప్పుకోగలడు. అతనికి కావలసింది అదే.

టీమ్‌లీడ్_రమ
పాతకాపు గారు చెప్పింది అక్షరాలా నిజం. పోయిన సంవత్సరం నా టీమ్‌లో ఒకబ్బాయికి కేటీ పేరుతో పన్నెండు గంటల రికార్డింగులు చేసి ఇచ్చి వెళ్ళారు. నెలాఖరు రాత్రి ఫైల్ ఖాళీగా వచ్చింది. రికార్డింగుల్లో ఫైల్ ఎప్పుడూ నిండుగానే వస్తుంది! ఆ రాత్రి వెళ్ళిపోయిన అబ్బాయికి నేను పదకొండు సార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. ఎత్తకపోవడం న్యాయమే అనుకోండి.

అప్పటి నుంచి నేను అడిగేది ఒక్కటే: వెళ్ళేవాళ్ళు చూపించడం కాదు, ఉండేవాళ్ళు చేసి చూపించాలి. అది పూర్తయితే ఎన్ని రోజులున్నా నాకు పట్టదు.

కొత్త_ఫ్రెషర్
అందరూ కొత్తగా రీప్లేస్‌మెంట్ వచ్చాకే వదులుతారు కదా? అది వచ్చేసరికే రెండు నెలలు అవుతుంది.

టీమ్‌లీడ్_రమ
@కొత్త_ఫ్రెషర్ అందుకే ప్లాన్‌ని కొత్తగా వచ్చేవాళ్ళ మీద కట్టకూడదు. ఇప్పుడు టీమ్‌లో ఉన్న ఇద్దరి పేర్లు రాయాలి, వాళ్ళ టైమ్ రోజుకి ఎంత కావాలో కూడా రాయాలి. ఆ టైమ్ ఇవ్వాల్సింది మేనేజర్. అది రాయకపోతే ప్లాన్ జూన్ మూడో వారంలో ఆగిపోతుంది, నెపం వెళ్ళేవాడి మీద పడుతుంది.

సికింద్రాబాద్_సీతయ్య
మా ఓనరు కూడా రెండు నెలల నోటీసు అడుగుతున్నాడు. ఒక నెల అద్దె వదులుకుంటే సరిపోతుందా? అడ్వాన్స్ ఇస్తాడా?

గోంగూర_గ్యాంగ్
@సికింద్రాబాద్_సీతయ్య అన్నా, పక్క థ్రెడ్. అయినా ఓనరుకి కేటీ ఇవ్వు, మోటారు ఎప్పుడు వెయ్యాలో.

అర్ధరాత్రి_బ్యాచ్
రాత్రంతా కూర్చుని రాశాను. పంపేది ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో పెడుతున్నా. పేర్లు తీసేసి ఎస్, హెచ్ అని పెట్టాను. చూసి తిట్టండి.

"విషయం: జూలై 18న రిలీవ్ చేయమని అభ్యర్థన, అప్పగింత ప్రణాళికతో

ఈ రోజు మనం మాట్లాడుకున్న దానికి కొనసాగింపుగా రాస్తున్నాను. నా లాస్ట్ వర్కింగ్ డే ప్రస్తుతం ఆగస్టు 30గా ఉంది. దాన్ని జూలై 18కి మార్చమని కోరుతున్నాను. నా తదుపరి ఉద్యోగం జూలై 21న మొదలవుతుంది. నా మొదటి మెయిల్‌లో రెండు వారాలని రాశాను, అది సరైన అంచనా కాదు.

నా తర్వాత ఇబ్బంది కలిగించగలిగేది నెలాఖరు రన్ ఒక్కటే అని నా అభిప్రాయం. జూన్ 16 వారంలో హెచ్ గారు మే డేటాతో యూఏటీలో దాన్ని మొదటి నుంచి చివరి దాకా నడుపుతారు. జూన్ 30 నుంచి జూలై 2 వరకు క్వార్టర్ క్లోజ్‌ని కూడా ఆవిడే నడుపుతారు, నేను పక్కన ఉంటాను. అది సాఫీగా జరగకపోతే తేదీ గురించి మళ్ళీ మాట్లాడదాం.

నైట్ బ్యాచ్‌లు మూడూ జూన్ 9 వారంలో ఎస్ గారికి అప్పగిస్తాను. గత ఏడాదిలో అవి ఎన్నిసార్లు, ఎందుకు ఫెయిలయ్యాయో, ఏం చేశామో రాసిన పత్రం ఆయనకి ఇస్తాను. జూలై 3 నుంచి ఆన్‌కాల్ ఆయనది, 11వ తేదీ దాకా రెండో ఫోన్ నాది. దీనికి ఎస్, హెచ్ గార్లకి జూన్ నెలంతా రోజుకి గంటన్నర ఖాళీ కావాలి.

రిపోర్ట్ ఫీచర్ నేను వెళ్ళేలోగా పూర్తి కాదు. ఎక్కడ ఆగిందో, ఏం మిగిలిందో రాసి పెడతాను.

తక్కువపడే 43 రోజులకి నా 14 లీవులు సర్దుబాటు చేసి, మిగిలిన వాటికి అపాయింట్‌మెంట్ లెటర్ ప్రకారం బేసిక్ చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. జూన్ 11లోగా మీ నిర్ణయం తెలిస్తే 9న మొదలుపెట్టిన అప్పగింతని దానికి తగ్గట్టు సర్దుకుంటాను."

పాతకాపు_98
ఇది మెయిల్ అంటే. "పూర్తి కాదు" అని రాసిన లైన్ నాకు అన్నిటికంటే నచ్చింది. ఆ ఒక్క లైన్ వల్ల మిగతావన్నీ నమ్మబుద్ధవుతాయి.

ఒక్క మార్పు. "అది సాఫీగా జరగకపోతే తేదీ గురించి మాట్లాడదాం" తీసెయ్. సాఫీ అంటే ఎవరి లెక్కలో సాఫీ? క్వార్టర్ క్లోజ్‌లో ఏదో ఒకటి తగలడం మామూలే. జూలై 2న చిన్న తేడా వచ్చినా నీ తేదీ ఎగిరిపోతుంది. దానికి బదులు "హెచ్ గారు నా సాయం లేకుండా రన్ ముగించి, క్లయింట్ టోటల్స్ సరిపోయాయని నిర్ధారిస్తే అప్పగింత పూర్తయినట్టు" అని కొలత పెట్టు.

మాదాపూర్_మెట్రో
డబ్బు సంగతి ఈ మెయిల్‌లోనే ఎందుకు? నేనైతే చివరి దాకా దాచిపెట్టేవాణ్ణి. ముందే కడతానంటే ఉచితంగా వదిలే అవకాశం పోతుంది.

హెచ్చార్‌లో_పదేళ్ళు
నేను ఒప్పుకోను. మేనేజర్‌కి డబ్బుతో పని లేదు, కానీ ఆ మెయిల్ నా లాంటి వాళ్ళకి ఫార్వర్డ్ అవుతుంది. డబ్బు మాట లేకపోతే మేం తిరిగి ప్రశ్న వేస్తాం, అందులో నాలుగు రోజులు పోతాయి.

మాదాపూర్_మెట్రో
మీరు కంపెనీ వైపు కదా అక్కా, అలాగే అంటారు :)

టీమ్‌లీడ్_రమ
నేనైతే మెట్రో వైపే. మా దగ్గర ప్లాన్ బాగుంటే మేనేజర్ రికవరీ మాఫీకి రాస్తాడు. డబ్బు కడతానని ముందే రాసినవాడికి ఎవరూ మాఫీ అడగరు.

లా_పాయింట్
నెల రోజులు ఫోన్లో సాయం చేస్తానని రాయి. ఖర్చు లేని హామీ.

టీమ్‌లీడ్_రమ
@లా_పాయింట్ వద్దు! వెళ్ళాక వాడికి యాక్సెస్ ఉండదు, క్లయింట్ డేటా గురించి ఫోన్లో మాట్లాడటం రెండు కంపెనీలకీ తలనొప్పి. పదకొండు సార్లు ఫోన్ చేసిన మనిషిగా చెప్తున్నా.

గోంగూర_గ్యాంగ్
పదకొండు సార్లు మేడమ్... ఆ అబ్బాయి ఈ థ్రెడ్ చదువుతుంటే?

హెచ్చార్‌లో_పదేళ్ళు
@అర్ధరాత్రి_బ్యాచ్ ఇంకో రెండు. మేనేజర్ చాట్‌లో "ఓకే" అంటే అది ఓకే కాదు. మెయిల్‌లో తేదీ రావాలి, ఆ తర్వాత పోర్టల్‌లో లాస్ట్ వర్కింగ్ డే మారాలి. మేనేజర్ ఒప్పుకుని పోర్టల్‌లో మార్చడం మర్చిపోతే సిస్టమ్ నిన్ను ఆగస్టు 30 దాకా గైర్హాజరు అని లెక్కేస్తుంది. పోర్టల్ మారేదాకా కొత్త కంపెనీకి జూలై 21 ఖాయం అని చెప్పకు. వాళ్ళని ఇప్పుడే వారం గడువు అడిగి పెట్టుకో.

నువ్వు కట్టే బైఅవుట్ డబ్బు కొత్త కంపెనీ వాళ్ళు తిరిగి ఇస్తామంటే అది జీతంలో కలిపి ట్యాక్స్ కోసి ఇస్తారు. ఏడాదిలోపు మానేస్తే వెనక్కి కట్టాలనే షరతు కూడా ఉండొచ్చు, ఆఫర్ లెటర్‌లో చూడు.

అర్ధరాత్రి_బ్యాచ్
ముందు మీటింగ్ రూమ్‌లో కూర్చుని మాట్లాడాను, సాయంత్రం మెయిల్ పెట్టాను. హెచ్చార్‌ని సీసీలో పెట్టాను. పాతకాపు గారి కొలత కూడా పెట్టాను. డబ్బు లైన్ ఉంచేశాను, మెట్రో అన్నా ఏమనుకోకు.

మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్నే "జూలై 31 సంగతేంటి?"

పాతకాపు_98
:)

అర్ధరాత్రి_బ్యాచ్
మూడు రోజుల తర్వాత అప్‌డేట్. జూలై 18 కాదు, 25 ఇచ్చారు. జూన్ 23 వారంలో క్లయింట్ ఆడిట్ ఉందట, హెచ్ ఆ వారమంతా అందులోనే ఉంటుంది. ఆ వారం పోయిందని ఒక వారం కలిపారు. అది న్యాయమే అనిపించింది, నా ప్లాన్‌లో ఆడిట్ సంగతే లేదు. కొత్త వాళ్ళు కొంచెం గొణిగి జూలై 28కి ఒప్పుకున్నారు. పోర్టల్‌లో కూడా మారింది, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. యూఏటీ రన్ కూడా మొదలైంది. హెచ్ రెండుసార్లు తప్పు ఫోల్డర్ తీసింది, రెండుసార్లూ నా చెయ్యి దానంతటదే మౌస్ వైపు వెళ్ళింది. వెనక్కి లాక్కున్నా.

టీమ్‌లీడ్_రమ
చేతులు కట్టుకుని కూర్చో. నిజంగానే చెప్తున్నా.

మాదాపూర్_మెట్రో
మరి డబ్బు? మాఫీ అడిగావా?

అర్ధరాత్రి_బ్యాచ్
అడగలేదు, కడతానని రాశాక ఏం అడుగుతాం. ఆ మాట నిజమే అన్నా. 54 రోజులు అవుతాయి, 36 తక్కువ. 14 లీవులు ఒప్పుకున్నారు, 22 రోజులకి 30,800. కానీ హెచ్చార్ పంపిన షీట్‌లో దాని కింద ఇంకో లైన్ ఉంది, 18 శాతం జీఎస్టీ 5,544. మొత్తం 36,344. ఇదేంటి, నేనేమైనా హోటల్లో తిన్నానా?

గోంగూర_గ్యాంగ్
సర్వీస్ చార్జ్ వేయలేదు, సంతోషించు.

హెచ్చార్‌లో_పదేళ్ళు
ఆ లైన్ తీసేయమని అడుగు. నోటీసు పే రికవరీ మీద జీఎస్టీ పడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2022 ఆగస్టు 3న సర్క్యులర్ ఇచ్చింది, నంబర్ 178/10/2022-GST. పాత టెంప్లేట్ మార్చకుండా వాడుతున్నట్టున్నారు. గొడవ పెట్టుకోకు, సర్క్యులర్ జత చేసి "ఈ లైన్ ఒకసారి సరిచూడగలరు" అని రాయి.

లా_పాయింట్
ఇది నేను చెప్పబోతున్నా.

అర్ధరాత్రి_బ్యాచ్
పంపాను అక్కా. "ఫైనాన్స్ టీమ్‌తో చూసి చెప్తాం" అన్నారు. జూన్ 30 రాత్రి అయ్యాక వచ్చి రాస్తా, ఇప్పుడు బ్యాచ్ ఫెయిలైందని ఫోన్ వస్తోంది. ఎస్ ఎత్తాలి ఇది... ఎత్తాడు.

సికింద్రాబాద్_సీతయ్య
ఓనరు అడ్వాన్స్ సంగతి ఎవరూ చెప్పలేదు.